‘మైఁనే దూధ్ ఖరీదీ’: ఒక అభ్యాసకురాలి ‘నే’ వాక్యాలపై కేస్ స్టడీ

చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగదిలో నేను పెద్దవాళ్లకు హిందీ చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగులు. ఈ కేసులోని అభ్యాసకురాలు ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నారు. వయసు ముప్పై ఆరు, సొంత ఊరు నల్గొండ వైపు. ఉద్యోగుల కోసం జరిపే హిందీ పరీక్షల్లో ప్రబోధ్, ప్రవీణ్ పూర్తి చేసి ప్రాజ్ఞ దగ్గర ఆగిపోయారు. చదివితే అర్థమవుతుంది, ఎదుటివాళ్లు మాట్లాడితే అర్థమవుతుంది, తాను రాయబోతే మాత్రం భూతకాలం దగ్గర కలం ఆగిపోతుంది. అంతకు ముందు చెప్పినవారు ఆమె నోటుపుస్తకంలో ప్రతి పేజీలోనూ ‘లింగం తప్పు’ అని ఎర్రసిరాతో రాసి వదిలేశారు. ఆ మాట పట్టుకుని ఆమె నాలుగు నెలలుగా హిందీ నామవాచకాల లింగాల పట్టిక కంఠస్థం చేస్తున్నారు. పట్టిక వచ్చింది, తప్పులు మాత్రం తగ్గలేదు.

మొదటి రోజు నేనేమీ చెప్పకుండా, ‘నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో ఎనిమిది వాక్యాల్లో రాయండి’ అన్నాను. ఆమె రాసినవి ఇవి.

కల్ మైఁ బాజార్ గయీ. వహాఁ మైఁనే దూధ్ ఖరీదీ. మైఁనే సబ్జీ భీ ఖరీదీ. ఘర్ మేఁ మేరే పతి నే చాయ్ పియా. ఉన్హోఁనే అఖ్బార్ పఢా. మైఁనే ఖానా బనాయీ. మేరే బేటే నే దో రోటియాఁ ఖాయా. ఫిర్ హమ్ సబ్ సో గయే.

ఎనిమిదింటిలో కర్తకు ‘నే’ ప్రత్యయం తగిలినవి ఆరు. అలాంటి వాక్యంలో క్రియ కర్తను కాక కర్మను చూసి మారాలి. వాటిలో నాలుగు తప్పు, రెండు ఒప్పు. దిద్దేవాళ్ల చూపు సహజంగానే ఆ నాలుగింటి మీదికి పోతుంది. నన్ను ఆపినవి ఒప్పుగా కనిపించిన ఆ రెండే. ‘మైఁనే సబ్జీ భీ ఖరీదీ’లో కొన్నది స్త్రీ, సబ్జీ కూడా హిందీలో స్త్రీలింగం. ‘ఉన్హోఁనే అఖ్బార్ పఢా’లో చదివినది పురుషుడు, అఖ్బార్ పుంలింగం. కర్త లింగమూ కర్మ లింగమూ ఒకటే అయినచోట క్రియ ఎవరిని చూసి మారిందో వాక్యం చెప్పదు. ఆమె క్రియ కర్తనే చూస్తోందనుకుని ఆరు వాక్యాలూ మళ్లీ చదివితే ఆరూ ఆ లెక్కకు సరిపోయాయి: తాను చేసిన ప్రతి పనికీ ‘ఈ’, భర్త, కొడుకు చేసినదానికి ‘ఆ’. ఆమెకు ఒక నియమం ఉంది, దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రెండు వాక్యాలు ఒప్పు కావడం కేవలం కాకతాళీయం.

అయినా అనుమానం తీర్చుకోవాలి. దూధ్ స్త్రీలింగమని పొరబడినా ‘దూధ్ ఖరీదీ’ అనే రాస్తారు కదా. అందుకని క్రియ లేకుండా పది పదాలు చెప్పి, ప్రతిదాని ముందూ ‘అచ్ఛా’ గానీ ‘అచ్ఛీ’ గానీ చేర్చమన్నాను. అచ్ఛా దూధ్, అచ్ఛీ చాయ్, అచ్ఛా ఖానా, అచ్ఛీ రోటీ, ఇలా తొమ్మిది సరిగ్గా చెప్పారు. దహీ ఒక్కటి ‘అచ్ఛీ’ అన్నారు. అది పుంలింగమే అయినా చివర ‘ఈ’ ఉండటంతో చాలామంది తడబడే మాట. అంటే నాలుగు నెలల పట్టిక వృథా పోలేదు, లింగాలు ఆమెకు వచ్చు. క్రియ ఏ పదాన్ని చూసి మారాలన్నదే ఆమెకు తెలియనిది. రెండింటికీ దిద్దుబాటు ఒకటే కనిపిస్తుంది కానీ వైద్యం వేరు.

ఆ నియమం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. తెలుగులో ‘నేను వెళ్లాను’ అని ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకేలా అంటారు, ఉత్తమ పురుషలో క్రియకు లింగం లేదు. హిందీ మొదలుపెట్టగానే ‘మీరు స్త్రీ కాబట్టి గయా అనకూడదు, గయీ అనాలి’ అని నేర్పుతారు. తెలుగు మాతృభాషగా ఉన్నవారికి అది కొత్త అలవాటు, ప్రయత్నపూర్వకంగా పట్టుకోవాల్సింది. ఆమె గట్టిగానే పట్టుకున్నారు. ఆ పట్టు కుదిరిన నెలకే ‘నే’ పాఠం వచ్చి, ఇక్కడ దాన్ని వదిలేయాలంటుంది. ఎంత శ్రద్ధగా నేర్చుకుంటే అంత బలంగా తప్పు చేస్తారు. ఇది శ్రద్ధలేనివాళ్ల తప్పు కాదని ఆమెతో అన్నప్పుడు ఆమె నవ్వి, ‘ఇది మా పాత టీచరుగారికి వినిపిస్తే బాగుండు మేడమ్’ అన్నారు.

ఇక వివరణ. ‘నే’కి సమానంగా తెలుగులో ‘చేత’ పెట్టి, ‘నాచేత రొట్టె తినబడింది’ అని చెప్పే పద్ధతి ఒకటి చాలాకాలంగా ఉంది. నేను దాన్ని వాడను. హిందీలో కర్మణి వాక్యం విడిగా ఉంది. ‘ముఝ్‌సే రోటీ నహీఁ ఖాయీ గయీ’ అంటే నావల్ల రొట్టె తినడం కాలేదని. ‘మైఁనే రోటీ ఖాయీ’కి మామూలుగా ‘నేను రొట్టె తిన్నాను’ అనే అర్థం తప్ప వేరే రంగు లేదు. ‘చేత’ అని నేర్చుకున్నవారు ఆ తర్వాత రెండింటినీ కలిపేస్తారు.

అందుకే తెలుగులో ఆమె రోజూ వాడే మరో వాక్యం పట్టుకున్నాను. ‘బజారులో నాకు మా అన్నయ్య కనిపించాడు. నాకు మా అక్క కనిపించింది. నాకు ఇద్దరు స్నేహితులు కనిపించారు’ అని రాసి చూపించి, ‘చూసింది మీరే కదా, మరి “నాకు మా అన్నయ్య కనిపించాను” అని ఎప్పుడైనా అన్నారా?’ అని అడిగాను. ఆమె కాసేపు ఆ మూడు వాక్యాలనూ చూసి, ‘నాకు అన్నాక ఇక క్రియ నావైపు చూడదు మేడమ్’ అన్నారు. నేను చెప్పాలనుకున్న నియమం అదే. ‘కు’ తగిలిన ‘నేను’ను వదిలి తెలుగు క్రియ ప్రథమా విభక్తిలో ఉన్న అన్నయ్యనూ అక్కనూ చూసి మారుతుంది. హిందీ క్రియ కూడా ‘నే’, ‘కో’ వంటి విభక్తి ప్రత్యయం తగిలిన పదాన్ని చూడదు. ‘మైఁ గయీ’లో మైఁకి ఏమీ తగల్లేదు, అందుకే క్రియ ఆమెను చూసింది. ‘మైఁనే దూధ్ ఖరీదా’లో మైఁకి నే తగిలింది, ఏమీ తగలకుండా మిగిలింది దూధ్. ఈ పోలికకు ఒక హద్దుంది: కనిపించడం మనం చేసే పని కాదు, కొనడం మనం చేసేదే. కాబట్టి అర్థంలో కాకుండా క్రియ ఎటు చూస్తుందన్న ఒక్క విషయంలోనే ఈ రెండు వాక్యాలూ కలుస్తాయి.

ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవారు మన ఊళ్లో లెక్కలేనంత మంది, ఆమె కూడా అందులో ఒకరు. ‘మయా పత్రం లిఖితమ్, మయా కథా లిఖితా’ అని రాసి చూపిస్తే గుర్తుపట్టారు. రాసినవాడు ఎవరైనా ‘లిఖిత’ అనే క్త ప్రత్యయాంతం పత్రాన్ని బట్టి నపుంసకం, కథను బట్టి స్త్రీలింగం అవుతుంది. హిందీలోని ‘లిఖా, లిఖీ’ రూపాలు ఆ క్తాంతాల సంతతే. పాత వాక్య నిర్మాణాన్ని హిందీ భూతకాలం ఇంకా మోస్తోందని తెలిశాక అది ఆమెకు అర్థంలేని నిబంధనలా అనిపించలేదు.

రెండో తరగతిలో చేత్తో చేసే పని ఇచ్చాను. వాక్యం పెన్సిలుతో రాయాలి, క్రియ చివర ఖాళీ వదలాలి. తర్వాత ప్రత్యయం తగిలిన ప్రతి పదాన్నీ వేలితో మూసేయాలి. మూయకుండా మిగిలిన కర్మను చూసి ఖాళీ నింపాలి. ‘పతి నే చాయ్ పి__’లో పతి నే మూతపడితే మిగిలింది చాయ్, కాబట్టి పీ. ‘బేటే నే దో రోటియాఁ ఖా__’లో మిగిలింది రోటియాఁ, బహువచన స్త్రీలింగం, కాబట్టి ఖాయీఁ. మొదటి రోజు ఎనిమిది వాక్యాలనూ ఇలా ఆమే దిద్దుకున్నారు. ఒక తరగతిలో అయిపోయిందనిపించింది, నిజానికి అసలు పని అక్కడ మొదలైంది.

తర్వాతి వారం ఆమె ‘మైఁనే బహన్ కో బులాయీ’ అని రాశారు. బహన్ స్త్రీలింగమే కదా అని ఆమె వాదన. మనుషులు కర్మ అయితే, అందులోనూ ఫలానా మనిషి అని తెలిసినప్పుడు, హిందీ సాధారణంగా ‘కో’ పెడుతుంది. కో పెట్టగానే బహన్ కూడా మూతపడింది, మైఁనే అంతకు ముందే మూతపడింది. చూడటానికి ఏమీ మిగలనప్పుడు క్రియ పుంలింగ ఏకవచనంలో, అంటే ‘ఆ’తో నిలబడుతుంది: మైఁనే బహన్ కో బులాయా. పిలిచింది పదిమంది అమ్మాయిల్నైనా ‘లడకియోఁ కో బులాయా’ అనే ఉంటుంది. ‘మైఁనే కహా కి...’, ‘ఉస్‌నే పూఛా కి...’ అన్నప్పుడు కర్మ స్థానంలో ఒక వాక్యమే ఉంటుంది కాబట్టి అక్కడ కూడా ‘ఆ’ యే.

దీన్నుంచి ఆమె ‘కో వస్తే ఆ’ అని సొంతంగా ఒక సూత్రం రాసుకున్నారు. అది ఎక్కడ దెబ్బతింటుందో నాకు తెలుసు, కానీ తానే ఎదుర్కోవడం మంచిదని ఊరుకున్నాను. రెండు రోజులకు ‘మైఁనే బహన్ కో కితాబ్ దియా’ వచ్చింది. ఇక్కడ కో తగిలింది ఇచ్చిన వస్తువుకు కాదు, పుచ్చుకున్న మనిషికి. వేలితో మూయిస్తే మైఁనే పోయింది, బహన్ కో పోయింది, కితాబ్ మాత్రం ఏ ప్రత్యయమూ లేకుండా అలాగే ఉంది. కితాబ్ స్త్రీలింగం, కాబట్టి దీ. ‘కో ఉందా?’ అని కాకుండా ‘ఏది మిగిలింది?’ అని అడగాలని ఆమెకు ఆ వాక్యంతో స్పష్టమైంది. పుస్తకం మార్జినులో రాసుకున్న సూత్రాన్ని కొట్టేశారు.

వేలి పద్ధతికీ ఒక లోపం ఉంది, దాన్ని ఆమే పట్టుకున్నారు. ఆఫీసులో సంవత్సరాంతం లెక్కల గురించి రాస్తూ ‘మైఁనే సారీ రాత్ కామ్ కీ’ అన్నారు. మూసి చూస్తే మైఁనే పోయాక సారీ రాత్ మిగిలింది, కామ్ మిగిలింది, రెండింటికీ ప్రత్యయం లేదు. మొదట కనిపించిన రాత్ స్త్రీలింగం కాబట్టి కీ రాశారు. ఇది నేను ముందే చెప్పాల్సింది. కాలాన్ని చెప్పే మాటలు ప్రత్యయం లేకుండా వచ్చినా అవి కర్మలు కావు, క్రియ వాటిని పట్టించుకోదు. చేసింది కామ్, అది పుంలింగం, కాబట్టి ‘సారీ రాత్ కామ్ కియా’. అప్పటి నుంచి మూసేముందు ‘ఏమిటి చేశాను? ఏమిటి కొన్నాను?’ అని ప్రశ్న వేసుకోమన్నాను.

కరనాతో జతకట్టే మాటలు ఇంతకంటే ఎక్కువ కాలం సతాయించాయి. ‘సహాయం చేశాను’ అంటే తెలుగువారికి అది ఒకే పని, అందులో కర్మ వేరుగా కనిపించదు. హిందీలో మదద్ ఒక స్త్రీలింగ నామవాచకం, కరనాకు అదే కర్మ. ‘మైఁనే ఉన్‌కీ మదద్ కీ’. ఇంతజార్ పుంలింగం, అందుకే ‘మైఁనే ఉన్‌కా ఇంతజార్ కియా’. ముందున్న ఉన్‌కీ, ఉన్‌కా మాటలే మదద్, ఇంతజార్‌ల లింగం చెప్పేస్తాయి, అవి సరిగ్గా వస్తే క్రియ కూడా వస్తుంది. ఆమెకు బాగా గుర్తుండిపోయిన జంట మాత్రం ఇల్లు శుభ్రం చేయడం గురించినది. ‘మైఁనే ఘర్ సాఫ్ కియా’, ‘మైఁనే ఘర్ కీ సఫాయీ కీ’. పని ఒకటే. మొదటిదాంట్లో సాఫ్ విశేషణం కాబట్టి కర్మ ఘర్, అది పుంలింగం. రెండోదాంట్లో ఘర్‌కు కీ తగిలి మూతపడింది, మిగిలింది సఫాయీ, స్త్రీలింగం. ఒకే ఇంటిని ఒకే చీపురుతో ఊడ్చినా క్రియ మారిందని ఆమె చాలాసేపు నవ్వుకున్నారు.

ఈ మధ్యలో ఒక రోజు ఆమె అడిగారు: ‘ఖాతీ థీ కూడా భూతకాలమే కదా మేడమ్, అక్కడ నే ఎందుకు రాదు?’ ‘భూతకాలంలో నే వస్తుంది’ అని మేము చెప్పే మాటలోనే పొరపాటుంది. నే రావడానికి కారణం కాలం కాదు, పని పూర్తయినట్టు చెప్పే ఖాయా, పీ, లిఖా వంటి రూపం. ‘మైఁ రోటీ ఖాతీ థీ’, ‘మైఁ రోటీ ఖా రహీ థీ’ జరిగిపోయిన సంగతులే అయినా ఆ రూపం లేదు, కాబట్టి నే లేదు. ‘ఉస్‌నే రోటీ ఖాయీ హోగీ’ (తినే ఉంటాడు) అనేది ఊహ, అయినా ఆ రూపం ఉంది కాబట్టి నే వచ్చింది. క్రియ సకర్మకం కూడా అయి ఉండాలి, అందుకే గయీకి, సోయీకి రాదు.

సకర్మకాల్లో మూడింటిని మాత్రం విడిగా నేర్చుకోక తప్పదు: లానా, భూలనా, బోలనా. వీటికి సాధారణంగా నే రాదు. లానా నిజానికి తీసుకుని రావడం, ‘లే ఆనా’. రావడం అకర్మకం కాబట్టి ఆ గుణం దీనికీ అంటింది. ఆమె చేత పక్కపక్కన రాయించిన వాక్యాలు: ‘మైఁనే దూధ్ ఖరీదా. మైఁ దూధ్ లాయీ.’ అదే మనిషి, అదే పాలు, ఒకే బజారు. కొన్నప్పుడు క్రియ పాలను చూసింది, తెచ్చినప్పుడు మనిషిని చూసింది. అర్థం కహనాకూ బోలనాకూ దగ్గరే అయినా ‘మైఁనే కహా’, ‘మైఁ బోలీ’.

బోలీ దగ్గర హైదరాబాదు ప్రస్తావన రాక తప్పలేదు. ‘మా సెక్షన్‌లో పాతబస్తీ అన్న ఉన్నారు, ఆయన “మైఁ చాయ్ పియా” అంటారు. చిన్నప్పటి నుంచి ఉర్దూ ఆయన ఇంటి భాష. ఆయనది తప్పా?’ అని అడిగారు. తప్పు కాదు, అది దక్ఖినీ. దక్ఖినీలో నే చాలావరకు జారిపోయింది, క్రియ కర్తనే చూస్తుంది: ఆయన పియా అంటారు, వాళ్ల చెల్లెలైతే పీ అంటుంది. ఈ మార్పులో చుట్టూ ఉన్న ద్రావిడ భాషల ప్రభావం ఉందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. తెలుగులాగే కర్తను చూసే వాక్యం కాబట్టి మనకు అది చెవికి ఇంపుగా ఉంటుంది, సులువుగా వస్తుంది. తూర్పున భోజ్‌పురీ మాట్లాడేవారి హిందీలో కూడా ‘హమ్ ఖానా ఖాయే’ వినబడుతుంది. అయితే ఆమె రాయవలసింది పరీక్షకు, ఆఫీసు ఉత్తరాలకు. అక్కడ ప్రామాణిక హిందీయే కావాలి. చాయ్ బండి దగ్గర దక్ఖినీ, కాగితం మీద ‘మైఁనే చాయ్ పీ’ అని ఆమే పంచుకున్నారు. ఇది తెలిశాక మొదటి రోజు వాక్యాలు నాకు మరోలా కనిపించాయి. నే పుస్తకం నుంచి వచ్చింది, క్రియ మాత్రం వీధి నుంచీ తెలుగు నుంచీ వచ్చింది. రెండు వ్యాకరణాలు ఒకే వాక్యంలో కూర్చున్నాయి.

ఆరు వారాల తర్వాత మళ్లీ ‘నిన్న ఏం జరిగింది’ అని రాయించాను. ఈసారి నేను ఇచ్చిన విషయాలన్నీ కర్త, కర్మల లింగాలు వేరుగా ఉండేవే. కాకతాళీయంగా ఒప్పయ్యే అవకాశం లేకుండా చూడకపోతే పరీక్ష వల్ల ఉపయోగం లేదు. పన్నెండు ‘నే’ వాక్యాల్లో పది సరిగ్గా వచ్చాయి. తప్పిన రెండింటిలో ఒకటి ‘కోశిశ్ కియా’, అది మాత్రం లింగం తెలియక చేసినదే. కోశిశ్ స్త్రీలింగమని ఆమెకు తెలియదు. రెండోది ‘మైఁనే ఖానా ఖా చుకీ’.

ఈ రెండోది కొత్త రకం. రెండు క్రియలు కలిసి వచ్చినప్పుడు నే రావాలా వద్దా అన్నది సాధారణంగా చివరి క్రియ తేలుస్తుంది. లేనా, దేనా చివర ఉంటే నే ఉంటుంది: ‘మైఁనే ఖానా ఖా లియా’. చుకనా, సకనా, పానా, లగనా చివర ఉంటే ఖానా సకర్మకమైనా నే ఉండదు, క్రియ మళ్లీ కర్తను చూస్తుంది: ‘మైఁ ఖానా ఖా చుకీ హూఁ’, ‘మైఁ ఖానా నహీఁ ఖా సకీ’. ఆమె వాక్యంలో చుకీ సరైనదే, నే ఉండకూడనిది. ఇప్పుడు నే పెట్టడం ఎంత అలవాటైందంటే, కర్తను చూడాల్సినచోట కూడా ముందు నే పెట్టేస్తున్నారు. వచ్చే నెల తరగతులు దీని మీదే పెట్టుకున్నాం.

మొన్న రాత్రి ఆమె నుంచి ఒక మెసేజ్ వచ్చింది: ‘మేడమ్, మైఁనే హోమ్‌వర్క్ కర్ చుకీ’. నిమిషం తిరగకుండానే ఇంకొకటి: ‘మైఁ కర్ చుకీ. లేదా మైఁనే కర్ లియా.’